గేమ్ తీయకుండానే ఫోన్‌లో చోటు

*స్టోరేజ్ నిండిన ఫోన్‌లో ముందు దేన్ని తీయాలి, దేన్ని ముట్టుకోకూడదు, ఏళ్ల తరబడి ఆడిన ఆట ఎక్కడ దాక్కుని ఉంటుంది*

స్టోరేజ్ నిండిపోయిందన్న హెచ్చరిక తెరమీద కనిపించగానే చాలా ఇళ్లలో మొదటి వేటు గేముల మీదే పడుతుంది. దానికి కారణం ఉంది. గేమ్‌కు ఒక బొమ్మ ఉంటుంది, పేరు ఉంటుంది, సెట్టింగ్స్‌లో చూస్తే పక్కనే పెద్ద అంకె ఉంటుంది. వేలితో నొక్కిపట్టి `Uninstall` అంటే ఒక్క దెబ్బకు ఒకటో రెండో జీబీలు ఖాళీ అవుతాయి. కానీ నాలుగు రోజులు తిరగకముందే అదే హెచ్చరిక మళ్లీ వస్తుంది. అసలు చోటు తింటున్నవి వేరే ఉన్నాయి కాబట్టి. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిపడిన వీడియోలకు, చెత్తబుట్టలో మూలుగుతున్న ఫొటోలకు, టెలిగ్రామ్ తనలో తాను దాచుకున్న ఫైళ్లకు తెరమీద బొమ్మ ఉండదు. కనపడవు కాబట్టి వాటి జోలికి ఎవరూ పోరు.

ఈలోగా పిల్లవాడు రెండేళ్లుగా కట్టుకుంటూ వచ్చిన మైన్‌క్రాఫ్ట్ ఊరు పోతుంది. అమ్మ రోజూ రాత్రి వంటిల్లు సర్దాక ఆడుకునే క్యాండీ క్రష్ మళ్లీ ఒకటో లెవెల్‌కు వస్తుంది. ఆ నష్టం అనవసరం. ఏ ఫోన్‌లోనైనా ఒక వరుసలో పని చేస్తే గేములను కదల్చకుండానే మంచి చోటు దొరుకుతుంది. ఆ వరుస తెలియాలంటే ముందు ఒక సంగతి అర్థం కావాలి: ఆడిన ఆట ఎక్కడ భద్రంగా ఉంటుంది?

నిండిన ఫోనే మొదటి ప్రమాదం

గేమ్ తీయకపోతే ప్రోగ్రెస్ క్షేమమే కదా అని ఫోన్‌ను నిండుగా అలాగే వదిలేసేవాళ్లూ ఉన్నారు. అదీ మంచిది కాదు. మీరు ఒక లెవెల్ దాటిన ప్రతిసారీ గేమ్ ఆ విషయాన్ని ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. కొన్ని గేములు కొత్త ఫైల్ పూర్తిగా రాశాకే పాతదాన్ని తీసేస్తాయి. అంత జాగ్రత్తగా తయారుచేయని గేములు పాత ఫైల్ మీదే రాస్తాయి. సరిగ్గా ఆ సమయంలో చోటు అయిపోతే ఫైల్ సగంలో తెగిపోతుంది. తర్వాత గేమ్ తెరిస్తే ఆగిపోవడమో, మొదటి నుంచి మొదలవడమో జరుగుతుంది.

అప్‌డేట్లకూ ఇదే చిక్కు. ప్లే స్టోర్ కొత్త వెర్షన్ దించుకుని, అది సరిగ్గా ఎక్కేదాకా పాతదాన్ని ఉంచుతుంది. అంటే ఒక జీబీ గేమ్ అప్‌డేట్ కావాలంటే కాసేపు రెండింటికీ చోటు కావాలి. చోటు లేక అప్‌డేట్ ఆగిపోతుంది. అప్‌డేట్ లేనిదే లోపలికి రానివ్వని గేములు చాలా ఉన్నాయి. అప్పుడు విసుగొచ్చి ‘తీసేసి మళ్లీ వేద్దాం’ అనుకుంటారు. ప్రోగ్రెస్ ఎక్కువగా పోయేది ఆ క్షణంలోనే.

ఆండ్రాయిడ్ సాధారణంగా ఖాళీ 500 ఎంబీ దగ్గరకు దిగాక హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక వచ్చేసరికే ఆలస్యమైందని అర్థం. 64 జీబీ ఫోన్‌లో ఐదారు జీబీలు ఎప్పుడూ ఖాళీగా ఉంటే గేములకూ, ఫోన్ వేగానికీ ఇబ్బంది ఉండదు.

ఆడిన ఆట ఎక్కడ ఉంటుంది

ప్రోగ్రెస్ ఉండే చోటును బట్టి గేములను మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటి రకం గేముల్లో అంతా కంపెనీ సర్వర్‌లోనే ఉంటుంది. నలుగురితో కలిసి ఆన్‌లైన్‌లో ఆడే బీజీఎంఐ, క్లాష్ ఆఫ్ క్లాన్స్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. మీ ర్యాంకు, కొన్న వస్తువులు, కట్టిన ఊరు ఏవీ ఫోన్‌లో ఉండవు. ఫోన్‌లో ఉండేవి బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు మాత్రమే. ఫోన్ నీళ్లలో పడినా మరో ఫోన్‌లో లాగిన్ అయితే ఆట అలాగే ఉంటుంది. అయితే ఒక షరతు ఉంది. ఆ ఆట మీదేనని సర్వర్‌కు తెలియాలి, అంటే గూగుల్, ఫేస్‌బుక్, సూపర్‌సెల్ ఐడీ వంటి ఏదో ఒక ఖాతాతో లాగిన్ అయి ఉండాలి. ‘గెస్ట్’గా ఆడుతుంటే సరుకంతా సర్వర్‌లో ఉన్నా తాళంచెవి మాత్రం ఫోన్‌లోనే ఉన్నట్టు లెక్క. గేమ్ తీసేస్తే ఆ చెవి కూడా పోవచ్చు.

రెండో రకం గేముల్లో ఆట ఫోన్‌లో నడుస్తుంది, ఖాతా కలిపితే ప్రోగ్రెస్ సర్వర్‌కు కూడా వెళ్తుంది. క్యాండీ క్రష్ ఈ రకం. నెట్ లేకున్నా ఆడవచ్చు. ఫేస్‌బుక్‌తోనో కింగ్ ఖాతాతోనో కలిపి ఉంటే లెవెల్ భద్రం. కలపకుండా ఆడితే వెయ్యో లెవెల్‌లో ఉన్నా అదంతా ఆ ఒక్క ఫోన్‌లోనే ఉన్నట్టు.

మూడో రకం గేముల్లో ప్రోగ్రెస్ అచ్చంగా ఫోన్‌లోనే ఉంటుంది. నెట్ లేకుండా ఆడే చిన్న చిన్న పజిల్ గేములు, పాత కార్ రేసులు చాలావరకు ఇంతే. మైన్‌క్రాఫ్ట్‌లో మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యాం కదా, అంతా క్లౌడ్‌లో ఉంటుందనుకుంటారు. ఆ ఖాతాలో ఉండేవి మీరు కొన్నవి మాత్రమే. పిల్లవాడు సొంతంగా మొదలుపెట్టి కట్టుకున్న ప్రపంచం ఫోన్‌లోనే ఉంటుంది. గేమ్ తీసేస్తే దాంతోపాటే పోతుంది.

మూడో రకానికి ఆండ్రాయిడ్ బ్యాకప్ ఉందిగా అని అడగవచ్చు. ఆండ్రాయిడ్ 6 నుంచి ఆ ఏర్పాటు ఉన్న మాట నిజమే. కానీ ఒక్కో యాప్‌కు 25 ఎంబీ వరకే అది తీసుకుంటుంది. వద్దని గేమ్ తయారుచేసినవాళ్లు అనుకుంటే అదీ ఉండదు. కాబట్టి దాన్ని నమ్ముకుని గేమ్ తీయడం తగదు.

మీ గేమ్ ఏ రకమో తేల్చుకోండి

ముందు గేమ్ తెరిచి దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. అక్కడ `Account`, `Link account`, `Save progress` లాంటి మాటలు వెతకండి. ఏ ఖాతాతో కలిసి ఉందో అక్కడ కనిపిస్తుంది. ‘గెస్ట్’ అని ఉన్నా, ‘కనెక్ట్ చేయండి’ అని అడుగుతున్నా ఇంకా కలపలేదని అర్థం. ఫోన్‌లో మరే పని మొదలుపెట్టకముందే ఆ పని పూర్తిచేయండి. ఏ దారిన కలిపారో కాగితం మీద రాసుకోండి. ఒకే గేమ్‌లోకి గూగుల్‌తో వెళ్తే ఒక ఖాతా, ఫేస్‌బుక్‌తో వెళ్తే మరో ఖాతా తెరుచుకోవచ్చు. మొదట ఫేస్‌బుక్‌తో ఆడినవాళ్లు తర్వాత గూగుల్ బటన్ నొక్కి, ఒకటో లెవెల్ కనిపించేసరికి అంతా పోయిందని బెంబేలెత్తుతారు. చాలాసార్లు పోయింది ఏమీ ఉండదు, వేరే తలుపు తట్టారంతే.

గెలిచినప్పుడు పైన ‘అచీవ్‌మెంట్’ అని గూగుల్ ప్లే గేమ్స్ పట్టీ మెరవడం ప్రోగ్రెస్ సేవ్ అయిందనడానికి రుజువు కాదు. ఆ పతకాలు వేరు, సేవ్ అయిన ఆట వేరు. పతకాలు భద్రంగా ఉండి ఆట పోయే గేములూ ఉంటాయి.

నిక్కచ్చిగా తేల్చుకోవాలంటే ఒకటే పరీక్ష. ఇంట్లో ఉన్న మరో ఫోన్‌లో అదే గేమ్ వేసి, అదే ఖాతాతో లాగిన్ అవ్వండి. మీ లెవెల్ అక్కడ కనిపిస్తే ప్రోగ్రెస్ సర్వర్‌లో ఉన్నట్టే. ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది. రెండో ఫోన్‌లో ఒక్క లెవెల్ కూడా ఆడకముందే లాగిన్ అవ్వాలి. ఏ ఆట ఉంచుకుంటారని గేమ్ అడిగితే తొందరపడి నొక్కకుండా, లెవెల్ ఎక్కువగా ఉన్నదాన్నే ఎంచుకోవాలి. ఖాళీ ఆటను ఎంచుకుంటే అదే సర్వర్‌కు వెళ్లి పాతదాన్ని తుడిచేసే ప్రమాదం ఉంది. కొన్ని గేముల్లో లెవెల్ తిరిగి వస్తుంది కానీ, పోగుచేసుకున్న బూస్టర్లు రావు. అవి వచ్చాయో లేదో కూడా రెండో ఫోన్‌లో చూసుకోండి.

మైన్‌క్రాఫ్ట్‌కు మాత్రం ఈ పరీక్షతో పని లేదు. ప్రపంచాల జాబితాలో పేరు పక్కన పెన్సిల్ గుర్తు నొక్కి, వచ్చిన పేజీలో కిందికి జరిపితే `Export World` అని ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ ప్రపంచం మొత్తం `.mcworld` అన్న ఒకే ఫైల్‌గా మారుతుంది. దాన్ని గూగుల్ డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టుకోండి. మళ్లీ కావాల్సినప్పుడు ఆ ఫైల్‌ను మైన్‌క్రాఫ్ట్‌తో తెరిస్తే ఊరు యథాతథంగా వస్తుంది. ఒక్కో ప్రపంచాన్నీ విడివిడిగా ఇలా తీయాలి.

పక్కపక్కనే ఉన్న రెండు బటన్లు

ఇప్పుడు గేమ్ లోపలి లెక్క చూద్దాం. ఫోన్ సెట్టింగ్స్‌లో `Apps`లోకి వెళ్లి గేమ్ పేరు నొక్కి, `Storage & cache` తెరవండి. కొన్ని కంపెనీల ఫోన్లలో అది `Storage` అనే ఉంటుంది. అక్కడ మూడు అంకెలు కనిపిస్తాయి. `App size` అంటే గేమ్ అసలు శరీరం. `User data` అంటే గేమ్ దాచుకున్న సమాచారం, మీ ప్రోగ్రెస్ ఫోన్‌లో ఉంటే అది ఉండేది ఇందులోనే. `Cache` అంటే పని తొందరగా జరగడానికి గేమ్ తాత్కాలికంగా పక్కన పెట్టుకున్న ఫైళ్లు.

ఆ పేజీలోనే రెండు బటన్లు ఉంటాయి. ఒకటి `Clear cache`, రెండోది `Clear storage`. పాత ఫోన్లలో రెండోదాన్ని `Clear data` అంటారు. రెండూ ఒకేలా కనిపిస్తాయి, చేసే పనుల్లో మాత్రం భూమ్యాకాశాల తేడా. మొదటిది నొక్కితే తాత్కాలిక ఫైళ్లే పోతాయి. చోటు తక్కువైనప్పుడు ఆండ్రాయిడ్ మనల్ని అడగకుండానే వీటిని తుడిచేస్తుంటుంది. ఆ సంగతి గేమ్ తయారుచేసేవాళ్లకు తెలుసు కాబట్టి ముఖ్యమైనవేవీ అందులో పెట్టరు. మరుసటిసారి గేమ్ తెరవడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, కొన్ని బొమ్మలు మళ్లీ దిగుతాయి, అంతే.

రెండో బటన్ గేమ్‌ను అప్పుడే కొత్తగా వేసిన స్థితికి తెస్తుంది. లాగిన్ పోతుంది, సెట్టింగులు పోతాయి, దించుకున్న మ్యాపులు పోతాయి, ఫోన్‌లో మాత్రమే ఉన్న ప్రోగ్రెస్ పోతుంది. దీనికి చెత్తబుట్ట లేదు, వెనక్కి తెచ్చుకునే దారి లేదు. ‘అంతా శాశ్వతంగా పోతుంది’ అని ఫోన్ ఒకసారి అడుగుతుంది. ఆ మాట చదవకుండా `OK` నొక్కేవాళ్లే ఎక్కువ. ఇష్టమైన గేమ్ పేజీలో `Clear storage` జోలికి అసలు పోకపోవడమే మేలు.

ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి ఫోల్డర్లు వెతికేవాళ్లకు ఇంకో హెచ్చరిక. `Android` ఫోల్డర్ లోపల `data`, `obb` అన్న రెండు ఫోల్డర్లు పెద్ద సైజులో కనిపిస్తాయి. పేర్లు అర్థం కాక చెత్త అనుకుంటారు. `obb`లో ఉండేవి గేమ్ బొమ్మలు, శబ్దాలు. అవి పోతే గేమ్ మళ్లీ దించుకోవాల్సి వస్తుంది. `data`లో మాత్రం కొన్ని గేముల సేవ్ ఫైళ్లు ఉంటాయి. చేత్తో వాటిని తీయకండి.

ఒక ఫోన్, దాని లెక్క

ఒక 64 జీబీ ఆండ్రాయిడ్ ఫోన్ అనుకుందాం. అంకెలు లెక్క తెలియడానికే అయినా, మన ఇళ్లలోని ఫోన్ల తీరు దాదాపు ఇలాగే ఉంటుంది. ఖాళీ 800 ఎంబీ మిగిలింది. సిస్టమ్‌కే 18 జీబీ పోతోంది, దాన్ని మనం కదల్చలేం. ఇంట్లో ముగ్గురు ఆడే మూడు గేములున్నాయి: మ్యాపులన్నీ కలిపి బీజీఎంఐ 5 జీబీ, మైన్‌క్రాఫ్ట్ ఒక జీబీ, క్యాండీ క్రష్ అర జీబీ. మూడింటినీ తీసేసినా ఆరున్నర జీబీలే వస్తాయి. ఏదీ తీయకుండా ఎంత వస్తుందో చూద్దాం.

మొదట చెత్తబుట్టలు. గ్యాలరీలో ఫొటో డిలీట్ చేస్తే అది అప్పుడే పోదు. గూగుల్ ఫొటోస్‌లోనూ, ఫోన్ కంపెనీల గ్యాలరీ యాప్‌లలోనూ సాధారణంగా 30 నుంచి 60 రోజుల దాకా చెత్తబుట్టలో ఉంటుంది, అంతవరకు చోటు ఆక్రమిస్తూనే ఉంటుంది. డిలీట్ చేసినా ఖాళీ పెరగడం లేదని బాధపడేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. `Trash` లేదా `Bin` తెరిచి, పొరపాటున పడ్డవి ఏమైనా ఉంటే వెనక్కి తీసుకుని, మిగతాది ఖాళీ చేయాలి. మన ఫోన్‌లో ఒకటిన్నర జీబీ వచ్చింది.

రెండోది టెలిగ్రామ్. అందులో తెరిచిన ప్రతి వీడియో, ప్రతి పీడీఎఫ్ ఫోన్‌లో ఒక నకలు వదిలి వెళ్తుంది. టెలిగ్రామ్ సెట్టింగ్స్‌లో `Data and Storage`, అందులో `Storage Usage` తెరిస్తే ఎంత పోగుపడిందో గుండ్రటి బొమ్మలో కనిపిస్తుంది. తుడిచేసినా సందేశాలు పోవు, ఫైళ్లు టెలిగ్రామ్ సర్వర్‌లో ఉంటాయి, కావాలంటే మళ్లీ దించుకోవచ్చు. ఏ ఛానెల్‌లో వచ్చిందో ఆ ఛానెల్‌వాళ్లు పోస్టు తీసేస్తే మాత్రం మళ్లీ దొరకదు కాబట్టి, పరీక్షల మెటీరియల్ లాంటివి ముందే వేరే చోట దాచుకోవాలి. ఇక్కడ 3 జీబీలు వచ్చాయి.

మూడోది వాట్సాప్. ఇందులో తొందర పనికిరాదు. సెట్టింగ్స్‌లో `Storage and data`, ఆపైన `Manage storage` నొక్కితే 5 ఎంబీ దాటిన ఫైళ్లు ఒక గుంపుగా, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి మరో గుంపుగా కనిపిస్తాయి. ఫార్వర్డ్ అయిన గుంపుతో మొదలుపెట్టండి, అందులో మనింటివి దాదాపు ఉండవు. తర్వాత పెద్ద వీడియోలను సైజు ప్రకారం పేర్చి చూడండి. పైన ఉన్న పాతిక ముప్పై వీడియోలే సగం చోటు తింటుంటాయి. ఇక్కడ తీసినవి గ్యాలరీలోంచి కూడా పోతాయి, మళ్లీ తెచ్చుకోవడం కష్టం. పెళ్లి వీడియో, తాతయ్య మాట్లాడిన వాయిస్ మెసేజ్ లాంటివి ముందు వేరే చోటికి మార్చుకున్నాకే చేయి వేయాలి. వాట్సాప్ ఫొటోలు గ్యాలరీలో కనిపించకుండా చేసే సెట్టింగ్ ఒకటుంది. అది దాచుతుందే కానీ చోటు మిగల్చదు. ఇక్కడ 4 జీబీలు వచ్చాయి.

నాలుగోది సొంత ఫొటోలు, వీడియోలు. ఫోన్ సెట్టింగును బట్టి మారుతుంది కానీ, మామూలు హెచ్‌డీలో తీసిన ఒక్క నిమిషం వీడియో సుమారు 130 ఎంబీ దాకా ఉంటుంది. 4కే లో తీస్తే 350 దాకా పోతుంది. గేములు ఆడేవాళ్ల ఫోన్లలో స్క్రీన్ రికార్డింగులు అనేవి మరో పెద్ద గని. గెలిచిన ఆట రికార్డు చేస్తారు, స్నేహితులకు పంపుతారు, ఆపైన మరిచిపోతారు. వాటిని తీస్తే గేమ్‌కు ఏమీ కాదు. మిగతావాటికి గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్ చేసి, వైఫైలో పూర్తయ్యేదాకా ఆగి, పైన మీ బొమ్మ నొక్కితే వచ్చే జాబితాలో `Free up space` ఎంచుకోండి. బ్యాకప్ అయినవాటి ఫోన్ నకళ్లు మాత్రమే పోతాయి. అలా కాకుండా అదే యాప్‌లో ఫొటోను ఎంచి డిలీట్ కొడితే క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. ఈ తేడా గుర్తుంచుకోవాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, 2021 జూన్ నుంచి ఫొటోలు కూడా అందులోకే లెక్క, జీమెయిల్ కూడా అందులోంచే తింటుంది. అది నిండితే వీడియోలను పెన్‌డ్రైవ్‌కో మెమరీ కార్డుకో కాపీ చేసి, అక్కడ తెరుచుకుంటున్నాయని చూశాకే ఫోన్‌లోంచి తీయండి. ఇక్కడ మరో 3 జీబీలు వచ్చాయి.

మొత్తం కలిపితే పదకొండున్నర జీబీలు. గేములన్నీ తీసినా వచ్చేది ఆరున్నరే. పైగా ఇప్పుడు మూడు ఆటలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

గేమ్ లోపలే తగ్గించే దారి

ఇంకా కావాలనుకుంటే గేమ్‌ను తీయకుండా, గేమ్ లోపలే బరువు తగ్గించవచ్చు. పెద్ద గేములు తమ సరుకును ముక్కలుగా దించుకుంటాయి. బీజీఎంఐలో ఎరాంగెల్, మిరామార్, సన్హోక్ వంటి మ్యాపులు వేర్వేరుగా దిగుతాయి. గేమ్‌లోని డౌన్‌లోడ్ పేజీలోకి వెళ్లి ఆడని మ్యాపులను అక్కడి నుంచే తీసేయవచ్చు. గెన్షిన్ ఇంపాక్ట్‌లో అయిపోయిన కథాభాగాల ఫైళ్లను, వాడని భాషల గొంతులను తీసే వీలు ఉంది. ర్యాంకుకు, ప్రోగ్రెస్‌కు వీటితో సంబంధం లేదు. ఎప్పుడైనా కావాలనిపిస్తే మళ్లీ దించుకోవచ్చు. నెట్ ప్యాక్‌లో కొన్ని వందల ఎంబీలు పోతాయి, అదొక్కటే ఖర్చు. మన ఉదాహరణ ఫోన్‌లో ఆడని మ్యాపులు తీస్తే మరో జీబీ వచ్చింది.

ఎప్పుడూ గేమ్ లోపలి పేజీ నుంచే ఈ పని చేయాలి. బయట నుంచి ఫైళ్లు తీస్తే ఏది పోయిందో గేమ్‌కు అర్థం కాక మొత్తం మళ్లీ దించుకోవడం మొదలుపెడుతుంది.

తీసినట్టే ఉంటుంది, పోదు

కొన్నాళ్లుగా ఆడకపోయినా వదులుకోవాలనిపించని గేములు ఉంటాయి. వాటికోసమే ఆర్కైవ్ అనే ఏర్పాటు వచ్చింది. 2023లో గూగుల్ దీన్ని ప్లే స్టోర్‌లో పెట్టింది. ఆండ్రాయిడ్ 15లో అయితే యాప్ సమాచారం పేజీలోనే `Archive` అన్న బటన్ కనిపిస్తుంది. నొక్కితే గేమ్ శరీరం, తాత్కాలిక ఫైళ్లు పోతాయి, మీ డేటా ఉండిపోతుంది. బొమ్మ మీద చిన్న మేఘం గుర్తు పడుతుంది. ఆడాలనిపించిన రోజు ఆ బొమ్మ నొక్కితే గేమ్ మళ్లీ దిగి, ఆపిన చోటి నుంచి మొదలవుతుంది. యాప్ తినే చోటులో 60 శాతం దాకా ఇలా మిగులుతుందని గూగుల్ చెబుతోంది.

ఐఫోన్‌లో ఇది 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచే ఉంది. సెట్టింగ్స్‌లో `General`, అందులో `iPhone Storage` తెరిచి గేమ్ పేరు నొక్కితే `Offload App`, `Delete App` అని రెండు కనిపిస్తాయి. మొదటిది ఎంచుకుంటే డేటా ఉంటుంది, రెండోది ఎంచుకుంటే అంతా పోతుంది. నొక్కేముందు ఆ పేజీలో `App Size`, `Documents & Data` అన్న రెండు అంకెలు చూడండి. ఆఫ్‌లోడ్‌తో ఖాళీ అయ్యేది మొదటి అంకె మాత్రమే. చాలా పెద్ద గేములు మ్యాపులనూ బొమ్మలనూ రెండోదాంట్లోనే పెట్టుకుంటాయి. అలాంటి గేమ్‌ను ఆఫ్‌లోడ్ చేస్తే మిగిలేది స్వల్పమే.

రెండు ఫోన్లలోనూ ఒకే ప్రమాదం ఉంది. స్టోర్‌లో ఆ గేమ్ ఇంకా ఉంటేనే మళ్లీ దిగుతుంది. కంపెనీ ఆపేసిన గేమ్, ఏళ్ల తరబడి అప్‌డేట్ లేని పాత గేమ్ అయితే ముందు స్టోర్‌లో వెతికి, ఉందని చూసుకున్నాకే ఆర్కైవ్ చేయండి. అక్కడ లేకపోతే, డేటా ఫోన్‌లో ఉన్నా తెరిచే గేమ్ ఉండదు. ప్లే స్టోర్‌లో `Automatically archive apps` ఆన్‌లో ఉంటే ఇలాంటి అరుదైన గేమ్‌ను కూడా ఫోన్ తనంతట తానే ఆర్కైవ్ చేయవచ్చు. అలాంటివి ఉన్నవాళ్లు దాన్ని ఆఫ్‌లో ఉంచుకోవడం మంచిది.

వద్దనుకోవాల్సినవి

‘ఒక్క నొక్కుతో ఫోన్ శుభ్రం’ అనే క్లీనర్ యాప్‌లు వేయకండి. ఆండ్రాయిడ్ 11 తర్వాత ఒక యాప్ మరో యాప్ సొంత ఫోల్డర్లలోకి తొంగిచూడటం బాగా కష్టమైంది. వాటికి నిజంగా చేయగలిగింది తక్కువ, అడిగే అనుమతులు ఎక్కువ. నిండిన ఫోన్‌లో అవీ కొంత చోటు తింటాయి. సహాయం కావాలంటే గూగుల్ వాళ్ల ఫైల్స్ యాప్ చాలు. రెండు సార్లు దిగిన ఒకే ఫైల్‌ను, మరిచిపోయిన డౌన్‌లోడ్లను అది చూపిస్తుంది, తీయాలో వద్దో నిర్ణయం మనకే వదిలేస్తుంది.

గేమ్‌నే మెమరీ కార్డులోకి మార్చడం మరో ఆశ. కొన్ని ఫోన్లలో, కొన్ని గేములకే అది కుదురుతుంది. కార్డు వేగం తక్కువైతే ఆట తడబడుతుంది. కార్డు చెడిపోతే గేమ్ తెరుచుకోదు. కార్డులోకి పోవాల్సినవి ఫొటోలు, వీడియోలు, సినిమాలు. గేములు ఫోన్‌లోనే ఉండాలి.

మళ్లీ నిండకుండా

ఇంత చేసినా వాట్సాప్‌ను పాత తీరునే వదిలేస్తే కొద్ది నెలల్లో ఫోన్ మళ్లీ మొదటికొస్తుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లోని `Storage and data`లోనే మీడియా ఆటో డౌన్‌లోడ్ భాగం ఉంది. మొబైల్ డేటాలోనూ వైఫైలోనూ వీడియోల టిక్ తీసేయండి. అప్పటి నుంచి మీరు నొక్కిన వీడియో మాత్రమే దిగుతుంది. టెలిగ్రామ్‌లో పాత ఫైళ్లు వాటంతట అవే పోయే గడువు పెట్టుకోవచ్చు. వారమో నెలో పెట్టండి.

ఇన్ని చేసినా చోటు చాలని ఫోన్లు ఉంటాయి. 32 జీబీ ఫోన్‌లో సిస్టమ్ పోగా మిగిలేదే తక్కువ. ఏటేటా పెరిగే గేములు అందులో ఇమడవు. అక్కడ ఏదో ఒక గేమ్ తీయక తప్పకపోతే, మొదటి రకం గేమ్‌ను, అదీ ఖాతా కలిసి ఉండి మరో ఫోన్‌లో లెవెల్ కళ్లారా చూసుకున్నదాన్ని ఎంచుకోండి. అది తిరిగి వస్తుంది. ఫోన్‌లో మాత్రమే ప్రోగ్రెస్ ఉన్న గేమ్ ఎంత చిన్నదైనా, ఎన్నాళ్లుగా తెరవకపోయినా చివరి వరకు ఉంచండి. అది తీసేస్తే వచ్చేది కొన్ని ఎంబీలే, పోయేది మళ్లీ రాదు.